సైట్‌కి రాని వాళ్ల కోసం రాయండి

ప్రశ్న: "రియల్ ఎస్టేట్ ఫీల్డ్‌కి కొత్త. సైట్ విజిట్ అయ్యాక కస్టమర్‌కి ఫీచర్స్ అన్నీ వాట్సాప్‌లో పంపుతున్నా, రిప్లై రావట్లేదు. ఫాలో-అప్ మెసేజ్ ఎలా రాయాలి?"

పదకొండేళ్లుగా హైదరాబాద్‌లో మియాపూర్, నిజాంపేట, బాచుపల్లి వైపు ఫ్లాట్లు చూపిస్తున్నాను. నా అనుభవంలో, మీ మెసేజ్ చదివి నిర్ణయం తీసుకునేది మీతో సైట్‌కి వచ్చిన మనిషి ఒక్కడే కాదు. ఆయన దాన్ని ఊళ్లో ఉన్న నాన్నకి, అమెరికాలో ఉన్న బావమరిదికి, ఆఫీసులో ఈమధ్యే ఫ్లాట్ కొన్న ఫ్రెండ్‌కి ఫార్వర్డ్ చేస్తాడు. వాళ్లెవరూ ఆ ఫ్లాట్ చూడలేదు. వాళ్లకి మీరు పంపిన "ప్రైమ్ లొకేషన్, 100 శాతం వాస్తు, ఓఆర్‌ఆర్‌కి 10 నిమిషాలు" చూస్తే ఏమీ అర్థం కాదు. అర్థం కానిదానికి ఎవరూ సరే అనరు, "ఆగరా, తొందరెందుకు" అంటారు. రిప్లై రాకపోవడానికి నాకు తెలిసిన పెద్ద కారణం ఇదే.

నాకిది ఒంగోలు నుంచి వచ్చిన ఒక ఫోన్‌తో తెలిసింది. ఒక ఆదివారం సాఫ్ట్‌వేర్‌లో పనిచేసే ఒకాయన భార్యని, వాళ్ల అమ్మని తీసుకుని బాచుపల్లిలో కడుతున్న అపార్ట్‌మెంట్‌కి వచ్చారు. రెండో అంతస్తులో 203 చూపించాను. గోడలు, ప్లాస్టరింగ్ అయిపోయాయి, టైల్స్ ఇంకా వేయలేదు. ఆయన హాల్ చూసి బాగుందన్నారు, మేడమ్ బాల్కనీలో కాసేపు నిలబడ్డారు. పెద్దావిడ మాత్రం తిన్నగా వంటగది వెనకున్న యుటిలిటీలోకి వెళ్లి, అటూ ఇటూ చేతులు చాపి చూసుకుని, "వాషింగ్ మెషీన్ ఇక్కడ పెడితే గిన్నెలు తోమే మనిషి ఎక్కడ కూర్చుంటుంది బాబూ?" అని అడిగారు. సరిపోతుందమ్మా అనేసి, క్లబ్‌హౌస్ చూపిద్దామని కిందికి తీసుకొచ్చాను.

ఆ సాయంత్రం అందరిలాగే నేనూ బిల్డర్ ఇచ్చిన బ్రోచర్, దాని కింద పన్నెండు టిక్ మార్కులతో ఒక లిస్టు పంపాను. నాలుగు రోజులు ఉలుకూ పలుకూ లేదు. ఐదో రోజు వాళ్ల నాన్నగారు చేశారు, ఒంగోలులో ఉంటారు, బ్యాంకులో పనిచేసి రిటైరయ్యారు. "బాబూ, మావాడు 85 లక్షలంటున్నాడు, తాళం చేతికొచ్చేసరికి మొత్తం ఎంతవుతుంది? ఈసీ చూశావా? ఆ ఫ్లాట్ మార్ట్‌గేజ్‌లో పెట్టిన వాటిలో లేదు కదా? మా ఆవిడ యుటిలిటీ సంగతి అడిగితే నువ్వేం చెప్పలేదటగా?" ఈసీ అంటే ఎన్‌కంబ్రన్స్ సర్టిఫికెట్, ఆ ఆస్తి మీద రిజిస్టరైన అమ్మకాలు, తాకట్లు అందులో కనబడతాయి. ఆయన అడిగిన నాలుగిట్లో ఒక్కదానికీ నేను పంపిన మెసేజ్‌లో జవాబు లేదు. రెండు రోజులు టైమ్ ఇవ్వండి సార్ అని పెట్టేశాను.

మర్నాడు టేపు పట్టుకుని మళ్లీ సైట్‌కి వెళ్లాను. యుటిలిటీ వెడల్పు 3 అడుగుల 4 అంగుళాలు. మెషీన్‌కి 2 అడుగులు పోతే మిగిలేది 1 అడుగు 4 అంగుళాలు. పెద్దావిడ చెప్పిందే కరెక్టు, అక్కడ మనిషి కూర్చోలేదు. సైట్ ఇంజనీర్‌ని అడిగితే, టైల్స్ వేయకముందే చెబితే మెషీన్‌కి నీళ్ల పాయింటు, డ్రెయిన్ కామన్ బాత్రూమ్ బయటి మూలకి మార్చి ఇస్తామన్నాడు. టేపు పెట్టి ఫొటో తీసుకున్నాను.

అక్కడి నుంచి బిల్డర్ ఆఫీసుకి వెళ్లి పర్మిషన్ కాపీ, మార్ట్‌గేజ్ కాగితం అడిగాను. కొత్తగా వచ్చారు కాబట్టి ఇది మీరు బాగా తెలుసుకోవాలి. మన దగ్గర అపార్ట్‌మెంట్‌కి పర్మిషన్ ఇచ్చేటప్పుడు, బిల్డర్ ప్లాన్ ప్రకారమే కడతాడన్న హామీ కోసం, కట్టే ఏరియాలో 10 శాతం పర్మిషన్ ఇచ్చే ఆఫీసు పేరున మార్ట్‌గేజ్ చేయించుకుంటారు. మామూలుగా అవి కింది అంతస్తుల్లోని ఫ్లాట్లే. కట్టడం పూర్తయ్యాక ఇచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్, అంటే ఓసీ వచ్చి, ఆ ఆఫీసు రిలీజ్ చేసేదాకా వాటికి రిజిస్ట్రేషన్ కాదు. ఏయే నంబర్లు మార్ట్‌గేజ్‌లో ఉన్నాయో ఆ కాగితంలోనే ఉంటుంది, రిజిస్టర్ చేసి ఉంటే ఈసీలో కూడా కనబడుతుంది. నేను చూపించిన 203 అందులో ఉంది! సేల్స్ వాళ్లని అడిగితే "అది మామూలే అన్నా, ఓసీ వచ్చాక అన్నీ రిలీజ్ అవుతాయి" అన్నారు. వాళ్లకి మామూలే. కానీ ఓసీ ఆలస్యమైతే కొన్నవాడు ఒకపక్క అద్దె, ఇంకోపక్క ఈఎంఐ కట్టుకుంటూ రిజిస్ట్రేషన్ కోసం తిరగాలి. అందుకే అదే ప్లాన్‌లో నాలుగో అంతస్తులోని 403 తీసుకుని, ఆ రాత్రి ఈ మెసేజ్ రాశాను. పేర్లు తీసేసి పెడుతున్నాను.

"సార్, నమస్తే. ఆదివారం మీరు, అమ్మగారు, మేడమ్ చూసిన 203 మార్ట్‌గేజ్‌లో ఉంది. ఓసీ వచ్చేదాకా రిజిస్ట్రేషన్ కాదు, అందుకని అది వద్దంటున్నాను. అదే ప్లాన్‌లో 403 ఖాళీగా ఉంది, రేటు అదే, మార్ట్‌గేజ్‌లో లేదు. కాగితం ఫొటో కింద పెట్టాను.

403 తూర్పు ఫేసింగ్, వంటగది ఆగ్నేయం. మీకు చెప్పిన 1,380 అడుగులు కామన్ ఏరియాలో వాటా కూడా కలిపిన సూపర్ బిల్టప్. లోపల మీరు వాడుకునే కార్పెట్ ఏరియా 985 అడుగులు. స్థలంలో మీ వాటా 46 గజాలు.

అమ్మగారు అడిగిన యుటిలిటీ వెడల్పు 3 అడుగుల 4 అంగుళాలు, చిన్నదే. మెషీన్ పాయింట్ కామన్ బాత్రూమ్ దగ్గరికి మారుస్తామన్నారు, అది అగ్రిమెంట్‌లో రాయించుకుందాం. బాల్కనీ పడమర, మధ్యాహ్నం ఎండ కొడుతుంది. ఎదురుగా ఉన్న ఖాళీ స్థలం వేరే వాళ్లది, రేపు అక్కడ బిల్డింగ్ లేస్తే వెలుతురు తగ్గుతుంది.

లెక్క: 1,380 అడుగులు, అడుగు 6,200 చొప్పున 85,56,000. పార్కింగ్, ఎమినిటీస్ 4,00,000. అగ్రిమెంట్ విలువ 89,56,000. దాని మీద జీఎస్టీ 5 శాతం 4,47,800. రిజిస్ట్రేషన్ 7.5 శాతం 6,71,700. కార్పస్ ఫండ్ 69,000. ఏడాది మెయింటెనెన్స్ 49,680. మొత్తం 1,01,94,180. అగ్రిమెంట్ విలువలో 80 శాతం లోన్ వస్తే 71,64,800, మీ చేతి డబ్బు 30,29,380. రిజిస్ట్రేషన్ ఖర్చు హోమ్ లోన్‌లో కలవదు. బిల్డర్‌కి కట్టేదాంట్లో 1 శాతం టీడీఎస్ మీరే పట్టుకుని కట్టాలి, అది అదనపు ఖర్చు కాదు.

తర్వాత చేయాల్సింది ఒక్కటే. స్థలం ఎవరెవరి చేతులు మారిందో చూపే లింక్ డాక్యుమెంట్లు, ఈసీ, పర్మిషన్, రెరా నంబరు ఒకే ఫైల్‌లో పంపుతున్నాను, నాన్నగారికి, మీ లాయర్‌కి చూపించండి. శనివారం సాయంత్రం 6కి ఫోన్ చేస్తాను. అప్పటిదాకా టోకెన్ ఏమీ కట్టొద్దు."

ఇందులో నాకు అన్నిటికంటే ముఖ్యమైంది లెక్క. 85 లక్షలని విన్న మనిషికి అది కోటీ రెండు లక్షల దాకా వెళ్తుందని మొదటి వారమే తెలియాలి. చాలామంది ఏజెంట్లు ఆ సంగతి అగ్రిమెంట్ రోజున చెబుతారు, అప్పటికి టోకెన్ ఇచ్చేసి ఉంటారు కాబట్టి వెనక్కి పోలేరని వాళ్ల ధైర్యం. ఇది మోసమే అంటాను. ఇంకోటి, ఓసీ వచ్చిన ఫ్లాట్ కొంటే జీఎస్టీ ఉండదు. మీరు అలాంటి ఫ్లాట్ చూపిస్తుంటే ఆ మాట మొదటి లైన్లోనే రాయండి, నాలుగు లక్షల తేడా ఎవరికైనా పెద్దదే.

లోపాలు రాస్తే కస్టమర్ పోతాడని మా ఫీల్డ్‌లో అందరూ భయపెడతారు. నేను చూసింది వేరు. ఎండ, యుటిలిటీ వాళ్లు కళ్లారా చూసినవే. మీరు రాయకపోతే ఇంకేం దాచారో అనుకుంటారు, రాస్తే మిగతా లెక్కలు కూడా నమ్ముతారు. అలాగే కళ్లతో చూడనివి రాయొద్దు. "రెండేళ్లలో మెట్రో వస్తుంది", "రేటు డబుల్ అవుతుంది" లాంటివి ఒకసారి రాశాక మీ పేరున వాళ్ల ఫోన్‌లో అలాగే ఉండిపోతాయి. రియల్ ఎస్టేట్‌ని నియంత్రించే రెరా చట్టం ఏజెంటుకి కూడా వర్తిస్తుంది, రెరా రిజిస్ట్రేషన్ లేకుండా మీరు ఆ ప్రాజెక్టు అమ్మడానికే లేదు. మీది ఇంకా కాకపోతే మెసేజ్ సంగతి తర్వాత, ముందు అది చేయించుకోండి.

"ఇంకో పార్టీ రెడీగా ఉన్నారు సార్, ఈ రోజే టోకెన్ వేయండి" అనే మెసేజ్ నేను పంపను, నా దగ్గర పనిచేసే కుర్రాళ్లని కూడా పంపనివ్వను. పొద్దున్నే గులాబీ పూల గుడ్ మార్నింగ్‌లూ వద్దు. కోటి రూపాయలు అప్పు చేసి ఇల్లు కొనాలా వద్దా అని రాత్రంతా నిద్రపట్టని మనిషికి టెన్షన్ పెంచే మెసేజ్ ఎందుకు? రెండోసారి రాయాలంటే కొత్త సంగతి ఏదైనా ఉండాలి, ఈసీ వచ్చిందనో, బ్యాంకు ఆ ప్రాజెక్టుకి అప్రూవల్ ఇచ్చిందనో. బ్రోచర్ ఫైల్ కూడా అడిగితేనే పంపండి, పెద్దవాళ్ల ఫోన్లలో అది తెరుచుకోదు. మాటలన్నీ మెసేజ్‌లోనే తెలుగులో రాయండి, ఒంగోలులో ఉన్న నాన్నగారు ఎవరి సాయం లేకుండా చదువుకుంటారు.

శనివారం నేను ఫోన్ చేయకముందే ఆ నాన్నగారే చేశారు. మెసేజ్ కాగితం మీద ప్రింట్ తీయించుకున్నారట, ఒక్కో అంకె చదువుతూ అడిగారు. టోకెన్ ఎంతంటే లక్ష అన్నాను, క్యాన్సిల్ చేస్తే ఎన్ని రోజుల్లో తిరిగి ఇస్తారో రసీదు మీదే రాయించమన్నారు. రిజిస్టర్డ్ అగ్రిమెంట్ కాకుండా 10 శాతం కంటే ఎక్కువ తీసుకోకూడదని రెరాలో ఉంది, అంటే ఇక్కడ 8,95,600 దాటకూడదు, ఆ సంగతి కూడా ఆయనకి ముందే తెలుసు. లాయర్ మూడు వారాలు తీసుకున్నాడు, ఒక లింక్ డాక్యుమెంట్ సర్టిఫైడ్ కాపీ కావాలన్నాడు, తెచ్చిచ్చాను. అగ్రిమెంట్ రోజు పెద్దావిడ కూడా వచ్చారు. సంతకాలకి ముందు "మెషీన్ పాయింట్ మార్పు రాశారా బాబూ?" అని అడిగారు. ఏడో పేజీ తీసి చూపించాను.