సంస్మరణ సభకు విదేశం నుంచి వీడియో సందేశం

ప్రశ్న: మా మేనమామగారి సంస్మరణ సభ వచ్చే ఆదివారం విజయవాడలో, ఒక ఫంక్షన్ హాలులో జరుగుతోంది. నేను డల్లాస్ నుంచి రాలేకపోతున్నాను. మూడు నిమిషాల వీడియో పంపమన్నారు. 330 మాటలు రాసుకుని ఐఫోనులో రికార్డు చేస్తే, వార్తలు చదివినట్లు హడావుడిగా వచ్చింది. ఎలా మాట్లాడాలి? ఎలా పంపాలి?

జవాబు: మీ మేనమామగారి మృతికి నా సానుభూతి. 330 మాటలను మూడు నిమిషాల్లో చదివారంటే నిమిషానికి 110 మాటలు పలికారన్నమాట. ఇయర్‌ఫోన్లు పెట్టుకుని వినేవారికి ఆ వేగం ఇబ్బంది కాదు, కానీ ఫంక్షన్ హాలులో గట్టి గోడలకూ గ్రానైట్ నేలకూ తగిలిన శబ్దం తిరిగి వచ్చి, ఒక మాట చివరి అక్షరం తరువాతి మాట మొదటి అక్షరం మీద పడుతుంది. అందుచేత నిమిషానికి 80 మాటలు మించకుండా, మొత్తం సందేశాన్ని 240 మాటలకు కుదించుకోండి. తగ్గించవలసిన 90 మాటలు ఎక్కడివో సులభంగానే తెలుస్తుంది. ఆయన ఎక్కడ పుట్టారో, ఏ ఉద్యోగాలు చేశారో సభలోని వారందరికీ తెలుసు, పైగా వేదిక మీద ఎవరో ఒకరు చెబుతారు కూడా. మీకు మాత్రమే తెలిసిన ఒక్క సంఘటనను ఉంచుకుని, దానిని తీరికగా చెప్పండి.

వేగం కంటే ముఖ్యమైనది వాక్యం చివర. తెలుగులో క్రియ వాక్యాంతంలో వస్తుంది, అవునో కాదో అక్కడే తేలుతుంది. దుఃఖంలో ఉన్నవారి గొంతు దిగిపోయేదీ సరిగ్గా అక్కడే. ‘నా కాలేజీ ఫీజు గడువును మామయ్య మరచిపోలేదు’ అని మీరు అన్నప్పుడు చివరి రెండక్షరాలు గొంతులోనే ఉండిపోతే, వెనుక వరుసలో కూర్చున్న పెద్దలకు ‘మరచిపో...’ వరకే వినబడుతుంది. ఇలాంటి ఒక సభలో వెనుక కూర్చుని, ప్రతి వాక్యమూ సగంలో ఆగిపోయినట్లు విన్నవాడిని కనుకనే దీనిని ఇంత పట్టుబట్టి చెబుతున్నాను. మీ కాగితంలో ప్రతి వాక్యపు క్రియ కింద గీత గీసుకోండి. అక్కడికి వచ్చేసరికి గొంతు పెంచనక్కరలేదు, దించకుండా నిలిపితే చాలు. ఆ తరువాత ఒక ఊపిరి తీసుకునేంత సేపు ఆగండి.

కన్నీళ్లు వస్తే రికార్డింగు ఆపవద్దు. కాసేపు మౌనంగా ఉండి, తెగిన వాక్యాన్ని మొదటి నుంచి మళ్లీ చెప్పండి. ఎడిటింగులో ఆ మౌనాన్ని మొత్తం కోసివేయకండి, రెండు మూడు సెకన్లు ఉంచండి. వెనుక సంగీతం మాత్రం వద్దు, ఎందుకంటే హాలు ప్రతిధ్వనితో కలిసి అది మాటను పూర్తిగా మింగేస్తుంది. ‘ఇక్కడ ఇప్పుడు అర్ధరాత్రి’ వంటి మాటలూ వద్దు, అవి రికార్డు చేసిన క్షణానికి చెందినవే తప్ప సభ జరిగే క్షణానికి కావు.

ఫోనును అడ్డంగా, మీ కళ్ల ఎత్తులో నిలబెట్టి, తెర మీది మీ ముఖాన్ని కాక కెమెరా కన్నును చూస్తూ మాట్లాడండి. ఫోను మీటరు దూరంలో ఉంటే మీ గది ప్రతిధ్వని కూడా రికార్డవుతుంది, దానికి హాలు ప్రతిధ్వని తోడైతే మాట మసకబారుతుంది. చొక్కాకు తగిలించే చిన్న మైకు వాడండి. లేదంటే కర్టెన్లూ పరుపూ ఉన్న పడకగదిలో, ఫోనుకు మూరెడు దూరంలో కూర్చోండి.

రికార్డింగుకు ముందు Settings > Camera > Formats లో Most Compatible ఎంచుకోండి. లేకపోతే ఫోను HEVC పద్ధతిలో దాచుతుంది, దానిని హాలులోని పాత ల్యాప్‌టాప్ తెరవలేకపోవచ్చు, లేదా మాట వినిపిస్తూ బొమ్మ నల్లగా ఉండిపోవచ్చు. Record Video లో 1080p, 30 fps పెట్టి, అక్కడే HDR Video ఆపివేయండి. లేదంటే ప్రొజెక్టరు మీద ముఖం పాలిపోయినట్లు కనిపించే ప్రమాదం ఉంది. ఈ అమరికలో నిమిషానికి సుమారు 130 MB అవుతుంది కనుక మీ వీడియో 400 MB దగ్గర ఉంటుంది. వాట్సాప్‌లో మామూలు వీడియోగా పంపితే అది బాగా కుదించివేస్తుంది. Document గా పంపండి, 2 GB వరకు వెళుతుంది.

శుక్రవారానికల్లా అక్కడికి చేర్చి, సభలో వాడబోయే ల్యాప్‌టాప్‌లోనే, హాలు స్పీకర్లకు కలిపి, బంధువుల్లో ఒకరిని చివరి వరుసలో నిలబెట్టి వినిపించమనండి. ల్యాప్‌టాప్ స్పీకరు ముందు మైకు పెట్టడం చాలాచోట్ల జరిగే పొరపాటు. హెడ్‌ఫోను రంధ్రం నుంచి మిక్సరుకు వైరు వేయాలని మైకు సెట్టు అబ్బాయికి ముందే చెప్పించండి. ఎడమవైపు మాత్రమే శబ్దం రికార్డయి ఉంటే అది కూడా ఈ పరీక్షలోనే బయటపడుతుంది.

వీడియో మొదట్లో మూడు సెకన్లు, చివర ఐదు సెకన్లు ఏమీ మాట్లాడకుండా కెమెరా వైపు చూస్తూ ఉండండి. మొదటి మూడు సెకన్లు ఉంటే, ప్రొజెక్టరు అందుకునేలోగా మీ తొలి మాట పోకుండా ఉంటుంది. ల్యాప్‌టాప్‌లో VLC ప్లేయరు వాడితే, వీడియో అయిపోగానే తెర మీద నారింజ రంగు శంకువు బొమ్మ ప్రత్యక్షమవుతుంది, దండ వేసిన పటం పక్కన అది కనిపించకూడదు. ఆ చివరి ఐదు సెకన్లలోనే స్పేస్ బార్ నొక్కి వీడియోను నిలిపి, ప్రొజెక్టరు వెలుగును మూసివేయమని నడిపేవారికి చెప్పండి.