జిగటెక్కిన పోత ఇనుప బాణలి

"తిరుపతిలో కొన్న కాస్ట్ ఐరన్ బాణలి. వాడిన ప్రతిసారీ కడిగి నూనె పూసి పెడుతున్నా. ఇప్పుడు లోపలంతా జిగట, సబ్బుతో ఎంత తోమినా పోవడం లేదు. పారేయాల్సిందేనా?"

పారేయొద్దండీ. ముందు గోరుతో గీకి చూడండి. అడుగు మధ్యలో నల్లగా గట్టిగానే ఉంటుంది. పక్కలా, అంచు దగ్గరా మాత్రం గోధుమరంగు మైనంలాంటిది గోరు కిందికి వస్తుంది. నూనె గట్టి పొరగా మారాలంటే పొగ వచ్చేంత వేడి కావాలి. గ్యాస్ మంట అడుక్కి తగిలినంతగా పక్కలకు తగలదు. అక్కడ నూనె పైపైన ఆరి, కింద పచ్చిగా ఉండిపోతుంది. దానిమీద మళ్ళీ పూత పూస్తే బంకే. మన వైపు గానుగ శెనక్కాయ నూనె వంటకు బంగారం, కానీ పూతకు వద్దు. అందులోని మడ్డి జిగటను ఇంకా పెంచుతుంది. రిఫైన్డ్ నూనె చాలు.

చాకలి సోడా తెచ్చుకోండి. వంటసోడాకు అంత బలం లేదు. లీటరు నీళ్ళకు రెండు పెద్ద చెంచాల లెక్కన వేసి, పొంగకుండా అంచుకు రెండు వేళ్ళు తక్కువగా నింపి, అరగంట మరిగించండి. ఉడికే సోడా ఆ జిగటను సబ్బులా మార్చేస్తుంది, నీళ్ళు టీ రంగుకు తిరుగుతాయి. వేడి తగ్గాక చేతులకు తొడుగులు వేసుకుని స్టీలు పీచుతో పక్కలు రుద్దండి. అంచుకు అదే నీళ్ళలో ముంచిన గుడ్డ చుట్టి కాసేపు ఉంచితే మెత్తబడుతుంది. అడుగున గట్టిగా ఉన్న నలుపు జోలికి వెళ్ళకండి, అది మంచి పొరే.

కడిగిన వెంటనే పొయ్యిమీద పెట్టి ఆరబెట్టాలి. ఆలస్యమైతే కళ్ళముందే ఎర్రగా తుప్పు లేస్తుంది. గోరువెచ్చగా ఉండగా అర టీ చెంచా నూనె లోపలంతా పూసి, వేరే పొడి గుడ్డతో, పొరపాటున పూశానేమో అన్నట్టు, మొత్తం తుడిచేయండి. అందరూ తప్పేది ఇక్కడే. మెరుపు కనిపిస్తే నూనె ఇంకా ఎక్కువ ఉన్నట్టే.

కిటికీలు తెరిచి, మధ్యస్థం మంటమీద పది నిమిషాలు ఉంచండి. తర్వాత పట్టకారుతో బాణలిని ఒరగేసి, ఒక్కో పక్కనూ నాలుగైదు నిమిషాలు మంటకు చూపించండి. అక్కడ పొగ లేచి తగ్గితేనే ఆ పక్క అయినట్టు. దానంతటదే చల్లారనివ్వండి. కాలే బాణలిమీద చన్నీళ్ళు పోస్తే పోత ఇనుము పగులుతుంది. ఇలా మూడు పూతలు.

చల్లారాక చేతికి అంటుకుంటే ఇంకో పూత వేయకండి, ఉత్తదే మళ్ళీ కాల్చండి. మొదటి రెండు వారాలు ఉల్లిపాయ, బంగాళదుంప వేపుళ్ళే చేయండి. పులిహోర పులుసు ఇందులో ఉడికిస్తే చింతపండు పులుపు కొత్త పొరను తినేస్తుంది. రోజూ వాడాక కడిగి, పొయ్యిమీద ఆరబెట్టి పెడితే చాలు. నూనె పూయాలనిపిస్తే రెండు చుక్కలు, అదీ తుడిచేసి.