ఫెర్రిటిన్ నార్మల్ వస్తే ఐరన్ లోపం లేనట్టేనా?

ప్రశ్న: మా అమ్మకి 58 ఏళ్ళు, చాన్నాళ్ళుగా కీళ్ళవాతం (రుమటాయిడ్) ఉంది. హిమోగ్లోబిన్ 8.9, సీరం ఐరన్ 27, ఫెర్రిటిన్ 64. ఫెర్రిటిన్ రేంజ్ లోనే ఉంది కాబట్టి ఐరన్ లోపం కాదు, జబ్బు వల్ల వచ్చిన రక్తహీనతే అని చెప్పారు. మరి సీరం ఐరన్ అంత తక్కువ ఎందుకుంది? ఏది నమ్మాలి?

జవాబు:

నేను శ్రీకాకుళంలో ఒక ల్యాబ్‌లో బయోకెమిస్ట్రీ చూస్తానండి, పైగా మా పిన్నికి అచ్చం ఇదే పరిస్థితి వచ్చింది కాబట్టి ఆవిడ రిపోర్టులు పెట్టుకునే చెప్తాను. ముందు ఒక్క మాట, మీ అమ్మగారికి ఫెర్రిటిన్ 64 ఉందని ఐరన్ లోపం లేదని తేల్చేయకూడదు. లోపం ఉండే అవకాశమే ఎక్కువ.

సీరం ఐరన్ సంగతి పక్కన పెట్టండి. అది ఐరన్ లోపంలోనూ తగ్గుతుంది, జబ్బు వల్ల వచ్చే రక్తహీనతలోనూ తగ్గుతుంది, దాన్ని చూసి రెంటినీ విడదీయలేం. పైగా ఉదయం ఒకలా సాయంత్రం ఒకలా ఉంటుంది, ముందురోజు ఐరన్ మాత్ర వేసుకుంటే పెరిగిపోతుంది కూడా. అసలు తేడా ఎక్కడుందంటే నిల్వలో. ఐరన్ లోపంలో గాదె ఖాళీ. జబ్బు వల్ల వచ్చే రక్తహీనతలో గాదె నిండా ధాన్యం ఉంటుంది గానీ తలుపుకి తాళం పడిపోయింది. ఒంట్లో వాపు ఉన్నప్పుడు లివర్ హెప్సిడిన్ అనే హార్మోన్ ఎక్కువగా వదుల్తుంది, అది కణాల్లోంచి ఐరన్ బయటికి వచ్చే దారిని మూసేస్తుంది, పేగుల్లోంచి ఒంట్లోకి వచ్చే దారినీ మూసేస్తుంది. నిల్వ ఉన్నా ఎముక మజ్జకి అందదు, అందుకే రక్తం తయారవదు.

ఆ నిల్వని కొలిచేదే ఫెర్రిటిన్. చిక్కు ఏటంటే, వాపు ఉంటే నిల్వతో సంబంధం లేకుండా ఫెర్రిటిన్ దానంతటదే పెరుగుతుంది. రిపోర్టు పక్కన ప్రింటయ్యే రేంజ్ ఆరోగ్యంగా ఉన్నవాళ్ళని చూసి పెట్టింది, కీళ్ళవాతం ఉన్న మనిషికి అది సరిపోదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచన ప్రకారం ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళకి 15 కంటే తక్కువైతే లోపం, ఇన్ఫెక్షన్ గానీ వాపు గానీ ఉంటే 70 కంటే తక్కువ ఉన్నా లోపమే అనుకోవాలి. చాలామంది డాక్టర్లు దీర్ఘకాలిక జబ్బుల్లో 100 వరకూ అనుమానిస్తారు. అందుకే ఫెర్రిటిన్ 8 అని వస్తే కళ్ళు మూసుకుని నమ్మొచ్చు, దాన్ని అబద్ధంగా కిందకి దించే జబ్బు దాదాపు ఏదీ లేదు. 64 వస్తే మాత్రం అదే శాంపిల్‌లో, ఒంట్లో వాపు ఎంతుందో చెప్పే సీఆర్పీ ఎంతుందో తెలియకుండా దానికి అర్థం చెప్పలేం. మీ ప్రశ్నలో సీఆర్పీ లేదు, టీఐబీసీ కూడా లేదు, ఈ రెండూ చేయించండి.

మా పిన్నిది ఆమదాలవలస దగ్గర ఊరు. హిమోగ్లోబిన్ 8.7, ఎర్ర రక్తకణాల సైజు చెప్పే ఎంసీవీ 77, ఫెర్రిటిన్ 58, సీరం ఐరన్ 24, టీఐబీసీ 290, సీఆర్పీ 42. ఆవిడకీ ఫెర్రిటిన్ బాగానే ఉందమ్మా, కీళ్ళ జబ్బు వల్లే అని ఒక చోట చెప్పీసేరు. 24ని 290తో భాగించి 100తో గుణిస్తే ట్రాన్స్‌ఫెరిన్ శాచురేషన్ వస్తుంది, ఆవిడకి 8 శాతం పైచిలుకు. 20 కంటే తక్కువుంటే మజ్జకి ఐరన్ అందటం లేదని, కానీ ఎందుకు అందటం లేదో ఆ ఒక్క అంకె చెప్పదు.

అక్కడే టీఐబీసీ పనికొస్తుంది. రక్తంలో ఐరన్ మోసే ప్రోటీన్ ఎంతుందో దాంతో తెలుస్తుంది. ఒట్టి ఐరన్ లోపంలో లివర్ ఆ ప్రోటీన్ ఎక్కువ చేస్తుంది, టీఐబీసీ 400 దాటటం మామూలే. ఒట్టి జబ్బు రక్తహీనతలో అది తగ్గి చాలాసార్లు 250 కిందకి పోతుంది, ఫెర్రిటిన్ 100 పైన ఉంటుంది. మా పిన్నికి 290, అంటే రెండు వైపులా కాదు. సీఆర్పీ 42 ఉన్న మనిషికి టీఐబీసీ బాగా తగ్గాలి, తగ్గలేదు. ఫెర్రిటిన్ బాగా పెరగాలి, 58 దగ్గరే ఆగిపోయింది. అంటే వాపు ఒక వైపు లాగుతోంది, ఐరన్ లోపం ఇంకో వైపు లాగుతోంది, అంకెలు మధ్యలో నిలబడి నార్మల్‌లా కనిపిస్తున్నాయి. రెండు రక్తహీనతలూ కలిసి ఉన్నాయన్నమాట, కీళ్ళవాతం ఉన్నవాళ్ళలో ఇది అరుదేం కాదు.

మరి ఐరన్ ఎటు పోతోంది? ఆవిడకి నెలసరి ఆగిపోయి చాలా ఏళ్ళయింది. నొప్పులకి డైక్లోఫెనాక్ రోజూ వేసుకునేది, కొన్నిసార్లు ఉత్త కడుపునే. కడుపునొప్పి లేదు, నల్లటి విరేచనం లేదు, అయినా మా డాక్టరుగారు ఎండోస్కోపీ చేయించారు, కడుపులో పుండు, నెమ్మదిగా రక్తం కారుతోంది. ఈ వయసులో ఐరన్ లోపం అంటే కడుపూ పెద్దపేగూ రెండూ చూడాలి అని కొలనోస్కోపీ కూడా చేశారు, అందులో ఏమీ లేదు. అందుకే ఇదంతా నేను పట్టుబట్టి చెప్తున్నాను, జబ్బు వల్లేలే అని వదిలేస్తే రక్తం కారేచోటు అలాగే ఉండిపోతుంది, అది కేన్సర్ కూడా అవ్వొచ్చు.

డైక్లోఫెనాక్ ఆపి, పుండుకి మందు ఇచ్చి, ఐరన్ సెలైన్‌లో ఎక్కించారు. హెప్సిడిన్ పేగు దారి మూసి ఉంచినప్పుడు మాత్రలు సరిగ్గా ఒంటపట్టవు, అందుకని. నెల తిరిగేసరికి హిమోగ్లోబిన్ 10.4కి వచ్చింది, అక్కడ ఆగిపోయింది. ఆ మిగిలిన లోటు కీళ్ళ జబ్బుది. కీళ్ళవాతం మందు మార్చి సీఆర్పీ దిగాకే 11 దాటింది. ఐరన్ ఇంకా ఎక్కించి ఉంటే లాభం ఉండేది కాదు.

ఫెర్రిటిన్ 100 దాటి, శాచురేషన్ మాత్రం 20 లోపు ఉండే కేసులు ఈ లెక్కకి లొంగవు. అప్పుడు సాల్యుబుల్ ట్రాన్స్‌ఫెరిన్ రిసెప్టర్ అనే టెస్టు సాయపడుతుంది, లోపం ఉంటే పెరుగుతుంది, ఒట్టి వాపుకి పెరగదు. చిన్న ల్యాబులు దీనికి శాంపిల్ బయటికి పంపిస్తాయి, ఖరీదు కూడా, కాబట్టి ముందు సీఆర్పీ, టీఐబీసీ చూసుకున్నాకే. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళకి కూడా ఈ గీతలు వేరు, మన ఉద్దానం వైపు వాళ్ళు ఎవరైనా చదువుతుంటే క్రియాటినిన్ చూపించుకోకుండా పైన చెప్పిన అంకెలు మీకు వాడుకోకండి. ఇంకోటి, ఎంసీవీ బాగా తక్కువుండి ఐరన్ అంకెలన్నీ బాగుంటే తలసీమియా ట్రెయిట్ కోసం హెచ్‌పీఎల్‌సీ చేయించాలి, అది పూర్తిగా వేరే దారి.

మీరు చేయాల్సింది, ఐరన్ మాత్రలు వాడుతుంటే కనీసం ఒక రోజు ఆపి, ఉదయం పరగడుపున ఒకే శాంపిల్‌లో ఫెర్రిటిన్, సీరం ఐరన్, టీఐబీసీ, సీఆర్పీ, సీబీసీ ఇప్పించండి. జ్వరం గానీ దగ్గు గానీ ఉంటే తగ్గాక వెళ్ళండి. ఆ కాగితాలతో పాటు అమ్మగారు వాడే నొప్పి మాత్రల పేర్లన్నీ, మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్నవి కూడా, రాసి డాక్టరుకి చూపించండి. ఐరన్ సెలైన్ ఎక్కిస్తే మాత్రం కనీసం నాలుగు వారాలు ఆగి ఫెర్రిటిన్ మళ్ళీ చేయించండి, వెంటనే చేస్తే 500, 600 అని వస్తుంది, అది నిజమైన నిల్వ కాదు.