నేమ్‌ప్లేట్ మీద 300 లీటర్లు, ట్యాంకులోకి 125: లోపం మోటర్‌దా, పైపుదా?

ప్రశ్న: మా అపార్ట్‌మెంట్‌లో 2 హెచ్‌పీ మోనోబ్లాక్ మోటర్ ఉందండీ. నేమ్‌ప్లేట్ మీద హెడ్ 18/34 మీటర్లు, డిశ్చార్జ్ 300/100 ఎల్‌పీఎం అని రాసి ఉంది. సంపులో నీటి మట్టం నుంచి పైన ట్యాంకులో పైపు మూతి దాకా 20 మీటర్లే. ఆ లెక్కన 5,000 లీటర్ల ట్యాంకు 17 నిమిషాల్లో నిండాలి కదా, 40 నిమిషాలు పడుతోంది. షాపులో అడిగితే 3 హెచ్‌పీ వేయించమంటున్నారు. కొనేముందు ఎక్సెల్‌లో గ్రాఫ్ గీసి సంగతి తేల్చుకోవచ్చా? పంపు కేటలాగు పట్టిక, పైపు కొలతలు జతచేశాను.
– ఓ పాఠకుడు, హైదరాబాద్

జవాబు: తేల్చుకోవచ్చు. గ్రాఫ్‌తో పాటు మూడు నాలుగు వందల రూపాయల ప్రెజర్ గేజ్ కూడా ఒకటి కావాలి.

ముందు నేమ్‌ప్లేట్ సంగతి. హెడ్ అంటే పంపు నీటిని ఎక్కించగలిగే ఎత్తు, ఎల్‌పీఎం అంటే నిమిషానికి లీటర్లు. 300 లీటర్లు వచ్చేది హెడ్ 18 మీటర్లు ఉన్నప్పుడు. 34 మీటర్లు ఎక్కించాల్సి వస్తే వచ్చేది 100 లీటర్లే. ఆ రెండు జతల్లో పెద్ద అంకెలను మాత్రమే ఏరుకుని కలిపి చదవడం దగ్గరే చాలామంది పొరబడతారు. పైగా 20 మీటర్లు అనేది నిలువు ఎత్తు మాత్రమే. పైపులో నీరు పరుగెత్తేటప్పుడు రాపిడికి పోయే హెడ్‌ను కూడా పంపే భరించాలి. ప్రవాహం పెరిగేకొద్దీ ఆ రాపిడి దాదాపు దాని వర్గంతో పెరుగుతుంది. అంటే ప్రవాహం పెరిగితే పంపు ఇవ్వగలిగే హెడ్ తగ్గుతుంది, పైపు అడిగే హెడ్ పెరుగుతుంది. రెండూ సమానమైన చోట పంపు స్థిరపడుతుంది. అదే ఆపరేటింగ్ పాయింట్.

మీ కేటలాగు ప్రకారం 0, 100, 200, 300 ఎల్‌పీఎం దగ్గర హెడ్ వరుసగా 36, 34, 28, 18 మీటర్లు. ఇవి 36 – 0.0002 × Q² అనే గీత మీద సరిగ్గా కూర్చుంటున్నాయి, Q అంటే ఎల్‌పీఎంలో ప్రవాహం. అన్ని పంపులూ ఇంత బుద్ధిగా ఉండవు. వేరే పంపుకైతే స్కాటర్ చార్ట్ గీసి, రెండో డిగ్రీ ట్రెండ్‌లైన్ పెట్టి సమీకరణం తీసుకోవాలి. అక్కడ ఎక్సెల్ ఒక తంటా తెచ్చిపెడుతుంది. లేబుల్‌లో దశాంశాలు కుదించి, 0.00024ను కూడా 0.0002 అనే చూపిస్తుంది. 300 ఎల్‌పీఎం దగ్గర ఆ ఒక్క తేడా 3.6 మీటర్లు. లేబుల్ మీద రైట్‌క్లిక్ చేసి దశాంశాలు ఏడుకు పెంచాకే ఆ అంకెలు వాడండి.

ఇక పైపు. లోపలి వ్యాసం 40 మి.మీ. పీవీసీ పైపు, మీరిచ్చిన బెండ్లు, వాల్వుల నష్టాన్ని కూడా పొడవుగా మార్చి కలిపితే సుమారు 50 మీటర్లు. రాపిడికి హేజెన్–విలియమ్స్ సూత్రం సరిపోతుంది, పైపు నునుపును తెలిపే C విలువ పీవీసీకి 140 అనుకుందాం. A కాలమ్‌లో 0 నుంచి 300 దాకా 20 చొప్పున ఎల్‌పీఎం వేసి, రెండో వరుసలో ఇవి పెట్టి కిందికి లాగండి:

```
B2: =36-0.0002*A2^2
C2: =20+10.67*50*(A2/60000)^1.852/(140^1.852*0.04^4.87)
D2: =B2-C2
```

B పంపు గీత, C పైపు గీత, D వాటి తేడా. 60000తో భాగించడం ఎల్‌పీఎంను సెకనుకు ఘనపు మీటర్లలోకి మార్చడానికి. D కాలమ్‌లో 180 దగ్గర దాదాపు +1.8, 200 దగ్గర –1.4 వస్తాయి. గీతలు ఆ మధ్యలో కలుస్తున్నాయన్నమాట. కచ్చితమైన అంకె కావాలంటే A2లో 0 బదులు 180 వేసి, Goal Seek లో D2ను 0 చేయమని, మార్చాల్సిన సెల్‌గా A2ను ఇవ్వండి. 191 వస్తుంది, హెడ్ 28.7 మీటర్లు. బెండ్ల లెక్క ఉజ్జాయింపే కాబట్టి 180–200 అనుకోవడం మంచిది.

కాబట్టి 17 నిమిషాలనేది మొదటినుంచీ జరగని పని. అన్నీ సవ్యంగా ఉన్నా 26 నిమిషాలు పడుతుంది. కానీ మీకు 40 పడుతోంది, అంటే 125 ఎల్‌పీఎం. ఈ మిగతా తేడా మాత్రం నిజంగా లోపమే.

లోపం ఎవరిదో తేల్చడానికే గేజ్. 125 ఎల్‌పీఎం దగ్గర షీట్ చూస్తే పంపు గీత 33 మీటర్లు చెబుతుంది, పైపు గీత 24. మోటర్ పక్కనే, డెలివరీ వాల్వ్‌కు ముందు గేజ్ బిగించండి. సంపు నీరు గేజ్‌కు 2 మీటర్లు కింద ఉంటే ఆ 2 మీటర్లను రెండు అంకెల నుంచీ తీసేసి చూడాలి, ఎందుకంటే ఆ ఎత్తు గేజ్‌కు కనబడదు. 10 మీటర్లకు ఒక కేజీ ప్రెషర్ చొప్పున, మోటర్ నడుస్తుండగా ముల్లు 3.1 దగ్గర ఉంటే పంపు తన పని తాను చేస్తోంది, పైపే ఎక్కువ అడుగుతోంది. సగం మూసుకున్న గేట్‌వాల్వ్, ఇరుక్కుపోయిన నాన్‌రిటర్న్ వాల్వ్, కఠినజలంతో గారపట్టి లోపల సన్నబడ్డ పాత జీఐ ముక్క, వీటిలో ఏదో ఒకటి వెతకండి. ఈ సందర్భంలో మోటర్ మార్చడం దండగ.

ముల్లు 2.2 చుట్టూ ఆగితే పైపు బాగానే ఉంది, లోపం మోటర్‌లోనో సక్షన్ వైపో ఉంది. వాటిని విడదీయడానికి ఇంకో చిన్న పరీక్ష. డెలివరీ వాల్వ్ పూర్తిగా మూసి కొన్ని సెకన్లు చూడండి. 36 – 2, అంటే 3.4 కేజీలు రావాలి. వస్తే ఇంపెల్లర్ బాగున్నట్టే. నీరు కదిలినప్పుడు మాత్రమే ప్రెషర్ పడిపోతోంది కాబట్టి ఫుట్‌వాల్వ్ జాలీకి చెత్త పట్టిందేమో, సక్షన్ జాయింట్‌లో గాలి లాగుతోందేమో చూడాలి. రాకపోతే ఇంపెల్లర్ అరిగిందనో, మోటర్ సరైన వేగంతో తిరగట్లేదనో అర్థం. మూసిన వాల్వ్‌తో ఎక్కువసేపు నడపొద్దు, లోపలి నీరు వేడెక్కి సీల్ పాడవుతుంది.

మా ఆఫీసు మిత్రుల అనుభవాలు వింటే ఇలాంటి వాటిలో ఫుట్‌వాల్వ్ చెత్తే తరచూ దొరుకుతుంది. కాబట్టి ముందు ప్లంబర్‌తో దాన్ని పైకి తీయించండి.

3 హెచ్‌పీ సంగతి కూడా షీట్‌లోనే చూసుకోవచ్చు. పెద్ద పంపు ప్రతి చోటా 6 మీటర్ల హెడ్ ఎక్కువ ఇస్తుందనుకుని B2లో 36ను 42 చేసి మళ్లీ Goal Seek నడపండి. గీతలు 226 దగ్గర కలుస్తాయి. అంటే పెరిగింది 35 ఎల్‌పీఎం, కరెంటు బిల్లు అదనం. ఇప్పుడు 42ను తిరిగి 36 చేసి, C2లో 0.04 బదులు 0.05 పెట్టి ఇంకోసారి నడపండి. అదే 2 హెచ్‌పీ మోటర్‌తో 240 ఎల్‌పీఎం వస్తుంది, ట్యాంకు 21 నిమిషాల్లో నిండుతుంది. నిలువు ఎత్తును ఎవరూ తగ్గించలేరు, మీ చేతిలో ఉన్నది రాపిడి ఒక్కటే. అందుకే డబ్బు పెట్టాల్సి వస్తే నేను పైపు మీదే పెడతాను.

పైపు పెద్దది చేసినప్పుడు చూసుకోవాల్సింది ఒకటుంది. ఈ రకం పంపుల్లో ప్రవాహం పెరిగేకొద్దీ మోటర్ మీద లోడ్ కూడా పెరుగుతుంది. నేమ్‌ప్లేట్ మీద ఉన్న 18 మీటర్ల కంటే హెడ్ కిందికి పోతే వైండింగ్ వేడెక్కే ప్రమాదం ఉంది. 50 మి.మీ. పైపుతో మీకు వచ్చే హెడ్ 24.4 మీటర్లు, కాబట్టి టెన్షన్ లేదు. అదే మోటర్‌ను కింద గార్డెన్‌కు నీళ్లు పెట్టడానికి వాడుతుంటే మాత్రం వాల్వ్ పూర్తిగా తెరవకండి, గేజ్ 1.6 కంటే దిగకుండా చూసుకోండి.