మొత్తం సరిపోయినా పన్ను క్రెడిట్ రాని బిల్లు

ప్రశ్న: విజయవాడలో మాకు చిన్న డీటీపీ షాపు, జీఎస్టీ రిజిస్ట్రేషన్ కూడా ఉన్నాయి. బెంగళూరు నుంచి 59,000 రూపాయలకు ల్యాప్‌టాప్ తెప్పించాను. బిల్లులో 18 శాతం పన్ను వేశారు, క్యూఆర్ కోడ్ కూడా ఉంది. అయినా ఆ పన్నును మేం కట్టాల్సిన పన్నులో తగ్గించుకునే క్రెడిట్ రాదని మా అకౌంటెంట్ అంటున్నాడు. ఇది దొంగ బిల్లా?

జవాబు: అకౌంటెంట్ మాట నిజమే. మీరు పంపిన ఫొటోలో అమ్మినవాళ్ల జీఎస్టీ నంబరు 29తో మొదలైంది, అంటే కర్ణాటక. మీది 37, ఆంధ్రప్రదేశ్. సరుకు మీ షాపుకే చేరింది కాబట్టి Place of Supply దగ్గర 37 ఉండాలి. కానీ 29 అని ఉంది. అందుకే రాష్ట్రాల మధ్య అమ్మకానికి వేసే ఐజీఎస్టీ 50,000 మీద 9,000 పడాల్సింది, ఒకే రాష్ట్రంలో అమ్మినట్టు 4,500 సీజీఎస్టీ, 4,500 ఎస్‌జీఎస్టీగా చీలింది. ఎలా వేసినా మొత్తం 59,000 కావడంతో తప్పు కంటికి ఆనలేదు. కర్ణాటక లోపలి అమ్మకంగా పడిన ఆ పన్నును మీరు ఇక్కడ క్రెడిట్‌గా తీసుకోలేరు. సరుకు రకాన్ని చెప్పే హెచ్‌ఎస్‌ఎన్ కోడ్ 8471 అని ఉంది, కంప్యూటర్లకు అది సరైనదే.

ఇదే ఫిర్యాదు నాకు పదే పదే వస్తోంది. కొన్ని బిల్లింగ్ సాఫ్ట్‌వేర్లు Place of Supply గడిలో షాపు సొంత రాష్ట్రాన్నే నింపేసి ఊరుకుంటాయి. పక్క గడిలో కస్టమర్ నంబరు 37తో మొదలైనా కిమ్మనవు. రెండంకెలు పోల్చి ఒక హెచ్చరిక చూపించడం ప్రోగ్రామర్‌కు ఎంతసేపు పని? ఆ బద్ధకానికి మీలాంటివాళ్లు 9,000 పోగొట్టుకుంటున్నారు.

ఇక దొంగ బిల్లా అన్న విషయం. services.gst.gov.in లో Search Taxpayer కి వెళ్లి నంబరు కొడితే లాగిన్ లేకుండానే పేరు, స్టేటస్ కనిపిస్తాయి. అయితే Active అని రాగానే నమ్మేయకండి. ఆ నంబర్లు అందరికీ కనిపించేవే, ఇంకొకరిది ఎత్తి తమ బిల్లు మీద వేసుకోవడం తేలిక.

నాకు ఎక్కువ భయం క్యూఆర్‌తోనే. టర్నోవరు 5 కోట్లు దాటిన వ్యాపారులు మీలాంటి రిజిస్టర్డ్ షాపులకు ఇచ్చే బిల్లు మీద ఐఆర్‌ఎన్ అనే 64 అక్షరాల బిల్లు గుర్తింపు సంఖ్య, దానితోపాటు ప్రభుత్వ వ్యవస్థ సంతకం చేసిన క్యూఆర్ ఉంటాయి. దాన్ని మామూలు స్కానర్‌తో చూస్తే అర్థం కాని పొడవాటి అక్షరాల వరుస వస్తుంది. జీఎస్టీ పోర్టల్ నడిపే జీఎస్టీఎన్ వాళ్ల వెరిఫైయర్ యాప్‌లో అయితే బిల్లు వివరాలు కనిపిస్తాయి. వెబ్‌సైట్ గానీ పేమెంట్ పేజీ గానీ తెరుచుకుందంటే అది ఆ క్యూఆర్ కాదు, అక్కడ పిన్ కొట్టకండి. మీ బిల్లు మీద ఉన్నది ఉత్త పేమెంట్ క్యూఆరే, ఐఆర్‌ఎన్ లేదు. అమ్మినవాళ్లు చిన్న వ్యాపారులైతే అది తప్పు కాదు, 5 కోట్లు దాటినవాళ్లయితే ఆ బిల్లు చెల్లదు.

మీ కొనుగోళ్ల క్రెడిట్ వివరాలతో వచ్చే నెల 14న తయారయ్యే జీఎస్‌టీఆర్-2బీ పట్టికలో ఈ బిల్లు కనిపిస్తే వాళ్లు దాన్ని రిటర్నులో చూపించినట్టే. ఈలోపే అమ్మినవాళ్లకు 29, 37 తేడా చూపించి, పాత బిల్లుకు క్రెడిట్ నోట్, 37తో కొత్త ఐజీఎస్టీ బిల్లు రాతపూర్వకంగా అడగండి.