బ్యాంకులో పడిన సొమ్మే అమ్మకమా?

"1,180 రూపాయలకు మిక్సీ జార్ అమ్మితే మార్కెట్‌ప్లేస్ నుంచి 938 మాత్రమే వచ్చింది. ట్యాలీలో 938 అమ్మకంగా రాస్తే సరిపోతుందా?"

సరిపోదండీ. అమ్మకం 1,180కే రాయాలి. అందులో సరుకు విలువ 1,000, 18 శాతం జీఎస్టీ 180. ఆ మొత్తం కస్టమర్ పేరున కాకుండా ప్లాట్‌ఫాం పేరున ఒక లెడ్జర్ తెరిచి, అది మీకు బాకీ ఉన్నట్టు చూపించండి.

ఇక ఆ లెడ్జర్ లోంచి ఒక్కొక్కటే తీసేయండి. కమీషన్, షిప్పింగ్ కలిపి 200 అనుకుందాం. దానిమీద జీఎస్టీ 36. ఈ 200 మీ ఖర్చు. 36 మాత్రం ఖర్చు కాదు, GSTR-2Bలో కనిపించాక ఇన్‌పుట్ క్రెడిట్‌గా తీసుకోవచ్చు. సరుకు విలువ 1,000 మీద ప్లాట్‌ఫాం పట్టుకునే జీఎస్టీ టీసీఎస్ అర శాతం లెక్కన 5, ఇన్‌కమ్ ట్యాక్స్ టీడీఎస్ 0.1 శాతం లెక్కన 1. ఈ రెండూ మీ డబ్బే. టీసీఎస్‌ను జీఎస్టీ పోర్టల్‌లో మీరే యాక్సెప్ట్ చేయాలి, అప్పుడే క్యాష్ లెడ్జర్‌లోకి వస్తుంది. చాలామంది ఇక్కడే వదిలేస్తారు. టీడీఎస్ 26ASలో కనిపిస్తుంది. చివరికి బ్యాంకు 938 రాస్తే ప్లాట్‌ఫాం లెడ్జర్ సున్నా అవ్వాలి. కాకపోతే రిటర్న్ వచ్చిన సరుకో, రాయని ఫీజో ఉన్నట్టే. సెటిల్‌మెంట్ రిపోర్టును ఆర్డర్ నంబర్ వారీగా చూడండి.

938 అమ్మకంగా చూపిస్తే, ప్లాట్‌ఫాం GSTR-8లో మీ పేరున వేసే అంకెకు మీ రిటర్న్ తక్కువ పడి నోటీసు రావచ్చు. తేదీ కూడా ఇన్వాయిస్‌దే. మార్చి 29 ఇన్వాయిస్‌కు డబ్బు ఏప్రిల్‌లో పడినా, అమ్మకం మార్చిదే.