‘అందినది’ ముద్రలో గాటు: ఆ తేదీ నిజమైనదేనా?

ప్రశ్న: నేను ఒక జిల్లా కార్యాలయంలో జూనియర్ అసిస్టెంటుని. చేరి ఇంకా ఏడాది కాలేదు. పెండింగులో ఉన్న 31 కారుణ్య నియామకాల ఫైళ్లు సర్దుతుంటే, దరఖాస్తుల మీద వేసే ‘అందినది’ ముద్రలో తేడా కనబడింది. 2022 ఆగస్టు నుంచి వచ్చినవాటన్నిటిలో గుండ్రని గీత కింద చిన్న గాటు ఉంది. అంతకుముందు వాటిలో లేదు. కానీ 2021 అక్టోబరు, నవంబరు తేదీలున్న నాలుగింటిలో అదే గాటు ఉంది. ఎవరో దొంగ స్టాంపు చేయించారని నా అనుమానం. ఆ నాలుగింటిలో ఒకదానికి ‘గడువులోపు అందింది’ అని నోటు రాసింది నేనే. రెండు నెలలుగా టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. ఆ కుటుంబాలు చూస్తే పేదవి, మా సీనియరేమో ‘నీకెందుకు’ అంటున్నారు. తేడా ఉన్నచోట పెన్సిల్‌తో గుర్తులు పెట్టుకున్నాను. రెండు ఫైళ్లు ఇంటికి తెచ్చి ప్రైవేటు నిపుణుడికి చూపించనా? పేరు రాయకుండా ఏసీబీకి ఫొటోలు పంపనా?
– ఒక పాఠకుడు

జవాబు: దొంగ స్టాంపు అన్న మాట ముందు పక్కన పెట్టండి. మీరు రాసినదాన్ని బట్టి ఆ నాలుగు ముద్రలూ మీ ఆఫీసు అసలు స్టాంపుతోనే వేసి ఉండవచ్చు. రబ్బరు ఒకసారి చిట్లితే మళ్లీ అతుక్కోదు. 2022లో పడిన గాటు 2021 తేదీ ఉన్న ముద్రలో కనిపిస్తోందంటే, ఆ ముద్ర గాటు పడ్డాక వేసిందని అనుమానించాలి. తేదీ స్టాంపులో చక్రాలు వెనక్కి తిప్పితే పాత తేదీ పడుతుంది. కారుణ్య నియామకానికి ఉద్యోగి మరణించిన ఏడాదిలోపు దరఖాస్తు చేసుకోవాలి కాబట్టి, గడువు దాటిన దరఖాస్తును బతికించేది ఆ తేదీయే. మీ కేసులో తేలాల్సింది ఒక్కటే: 2021 అక్టోబరు, నవంబరులలో మీ ఆఫీసుకు వచ్చిన మిగతా కాగితాల మీద గాటు ఉందా, లేదా?

దీనికి జవాబు మీ ముందున్న 31 ఫైళ్లలో దొరకదు. అవే రోజుల్లో పెన్షన్లు, సెలవులు, బదిలీల సెక్షన్లకు వెళ్లిన తపాళ్లలో దొరుకుతుంది. వాటిలోనూ కొన్నింటి మీద గాటు ఉంటే అప్పట్లో రెండు స్టాంపులు వాడి ఉంటారు, మీ అనుమానం చాలావరకు వీగిపోతుంది. ఎక్కడా లేకుండా ఈ నాలుగింటి మీదే ఉంటే అది బలమైన సాక్ష్యం. అయితే గీత లావుగా ఉంది, అక్షరం అలికింది అన్న తేడాలను పట్టించుకోకండి. ప్యాడు తడి, చేతి ఒత్తిడి మారితే ఒకే స్టాంపు పది రకాలుగా పడుతుంది. గాటు ప్రతిసారీ అదే చోట, అదే ఆకారంలో ఉండాలి.

ముద్ర ఒక్కటే చాలదు. దరఖాస్తు మీద ముద్ర పక్కన ఇన్‌వర్డ్ నంబరు ఉంటుంది. రిజిస్టరులో ఆ నంబరు ఎదురుగా ఎవరి పేరుందో చూడాలి. వేరే కాగితం ఉన్నా, రెండు వరుసల మధ్య ఇరికించి రాసినా, నంబరుకు ‘ఎ’ అని తోక తగిలించినా వెనక తేదీ అనుమానం గట్టిపడుతుంది. దరఖాస్తుకు జతపరిచిన మిగతా వారసుల అఫిడవిట్ స్టాంపు పేపరును తిప్పి చూడండి. వెండరు అమ్మిన తేదీ 2022లోది అయితే, 2021లో అందిన దరఖాస్తుతో అది ఎలా వచ్చిందన్న ప్రశ్న వస్తుంది. అఫిడవిట్ తర్వాత విడిగా తెచ్చి ఇచ్చే వీలూ ఉంది. కాబట్టి దరఖాస్తులో జతపరిచిన పత్రాల జాబితా చూశాకే ఒక అభిప్రాయానికి రావాలి.

ఇక కాలపరిమితి. 2024 జూలై 1కి ముందు జరిగిన పనికి పాత ఐపీసీయే వర్తిస్తుంది. ప్రభుత్వోద్యోగి తెలిసి తప్పుడు రికార్డు తయారుచేస్తే సెక్షన్ 218 కింద మూడేళ్ల వరకు శిక్ష. ఇలాంటి నేరాన్ని కోర్టు మూడేళ్ల లోపే విచారణకు తీసుకోవాలి. నేరం జరిగినట్టు బాధిత పక్షానికి గానీ పోలీసు అధికారికి గానీ అప్పట్లో తెలియకపోతే, తెలిసిన రోజు నుంచి ఆ గడువు లెక్కిస్తారు. యజమాని కాగితాలను గుమాస్తా మోసపు ఉద్దేశంతో తారుమారు చేస్తే సెక్షన్ 477ఎ, ఏడేళ్ల వరకు శిక్ష, దానికి ఆ గడువు అడ్డు రాదు. ఏ సెక్షన్ నిలబడుతుందో ఇప్పుడే చెప్పలేం. అందుకే ఎవరికి ఎప్పుడు తెలిసిందన్నది ముఖ్యం. మీకు తెలిసి రెండు నెలలైంది. రేపు విచారణలో మిమ్మల్ని అడిగే మొదటి ప్రశ్న ‘ఇన్నాళ్లు ఎందుకు చెప్పలేదు’ అనే.

పైగా సాక్ష్యమయ్యే కాగితాల మీద పెన్సిల్‌తో గుర్తులు పెట్టారు. చాలా అజాగ్రత్త పని. వాటిని ఇప్పుడు చెరపకండి. రబ్బరుతో రుద్దితే కాగితం పొర లేస్తుంది, ముద్ర దగ్గర మీరే ఏదో దిద్దారని అవతలి వకీలు అంటాడు. గుర్తులు ఉన్నాయని, మీవేనని నివేదికలో రాయండి.

ఫైలు ఇంటికి తీసుకెళ్లడం మాత్రం ఏ పరిస్థితిలోనూ వద్దు. గేటు దాటిన క్షణం నుంచి ఆ కాగితం ఎవరి చేతిలో ఉందో చెప్పే ఆధారం ఉండదు, ముద్ర మార్చింది మీరేనన్న వాదనకు దారి దొరుకుతుంది. ప్రైవేటు నిపుణుడి అభిప్రాయం దాన్ని సరిచేయలేదు. ఆకాశరామన్న ఉత్తరమూ వద్దు. అధికారిక కాగితాల ఫొటోలు బయటికి పంపితే ప్రవర్తనా నియమావళి కింద మీ మీదే చార్జిమెమో వస్తుంది. పేరు లేని పిటిషన్‌తో మీరు నిజాయితీగా చెప్పారన్న రికార్డూ మిగలదు. ఇంకొకటి, పోల్చి చూద్దామని ఆ స్టాంపును తెల్ల కాగితం మీద వేసి చూడకండి. తేదీ చక్రాన్ని ముట్టుకోవద్దు.

మీరు రాసిన నోటు గురించి అంత భయం అక్కర్లేదు. ముద్రలోని తేదీని నమ్మి రాయడం నేరం కాదు, తెలిసి రాయడమే నేరం. పాత నోటు కొట్టేయకుండా, దాని కింద ఈ రోజు తేదీతో ‘ముద్రలో తేడా గమనించినందున గడువు విషయం పరిశీలించవలసి ఉంది’ అని కొత్త నోటు పెట్టండి. ఆ కుటుంబాల కోసం గడువు సడలించాలంటే ప్రభుత్వమే సడలించాలి, ఆ పని మీ సెక్షన్‌లో నోటుతో జరగదు.

ఇప్పుడు చేయాల్సింది ఇది. కార్యాలయ అధికారి పేరున, సీల్డ్ కవరులో, రెండు పేజీలు దాటని నివేదిక ఇచ్చి రసీదు తీసుకోండి. సూపరింటెండెంటు మీద అనుమానం లేకపోతే ఆయన ద్వారానే పంపండి. నాలుగు ఫైళ్ల నంబర్లు, పేజీ నంబర్లు, ముద్ర తేదీలు, గాటు ఎక్కడుందో రాయండి. ఎవరి పేరూ, ‘ఫోర్జరీ’ అన్న మాటా వద్దు. గమనించిన తేదీ నిజంగా ఏదైతే అదే రాయండి. నిన్ననే చూశానని రాస్తే మీ చేతి మీదా ఒక తప్పుడు తేదీ పడినట్టే.

చివర్లో మూడు కోరండి: స్టాంపునూ ఇన్‌వర్డ్ రిజిస్టరునూ సీలు చేసి భద్రపరచాలి, 2021 అక్టోబరు, నవంబరుల మిగతా తపాళ్లను ఏ సెక్షన్‌లోవైనా పక్కన పెట్టించాలి, ఈ నాలుగు ఫైళ్లలో ఉత్తర్వులు ఆపాలి. ఫోరెన్సిక్ ల్యాబ్‌కి పంపాల్సి వస్తే అనుమానపు ముద్రలతో పాటు అదే కాలపు నిర్వివాదమైన ముద్రలూ, అసలు స్టాంపూ కావాలి. అవి లేకపోతే నిపుణుడు ఏమీ తేల్చలేడు. భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 72 కింద కోర్టు కూడా ముద్రలను పోల్చి చూడవచ్చు.

నెల రోజుల్లో కదలిక లేకపోతే మీ శాఖ విజిలెన్స్ అధికారికి అదే నివేదిక కాపీని, రసీదుతో సహా, మీ పేరుతోనే పంపండి.